డెమో తర్వాత పంపే మెసేజ్: ఏడాదికి పైగా వాడాక నా మాట

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతాను. డెమో అయ్యాక పంపమని కంపెనీ ఇచ్చిన మెసేజ్ ఇది:

"సార్, డెమో చూశారు కదా, ఏం డిసైడ్ అయ్యారు? ఆఫర్ ఈరోజుతో ఆఖరు. అడ్వాన్స్ పంపితే బుక్ చేస్తాను."

దీనికి వచ్చే జవాబు "చూద్దాం" ఒక్కటే. షాపాయన అడిగినదానికి ఇందులో సమాధానం లేదు, పైగా డబ్బు గురించి మనమే తొందరపెడుతున్నాం. ఆఖరు అన్న ఆఫర్ వచ్చేవారం కూడా ఉంటే, ఆ తర్వాత మనం చెప్పే ఏ మాటా నమ్మరు.

ఏడాదికి పైగా దాన్ని మార్చి వాడుతున్నాను. పర్లాకిమిడిలో ఒక షాపాయన డెమో మధ్యలో రెండు విషయాలు అడిగారు. సరుకు కొంత వైజాగ్ నుంచి, కొంత బరంపురం నుంచి వస్తుంది, పన్ను లెక్క కలిసిపోదా అన్నది ఒకటి. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ మందులు ముందే తెలుస్తాయా అన్నది రెండోది. ఆయనకు పంపింది ఇది:

"అన్నయ్యగారూ, నమస్కారం. వైజాగ్ బిల్లుల గురించి అడిగారు కదా. సప్లయర్ జీఎస్టీ నంబరు 37తో మొదలైతే ఐజీఎస్టీ, 21తో మొదలైతే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కింద దానంతటదే వేరు చేస్తుంది. రెండు రకాల బిల్లులూ ఎక్కించి ఫొటో పంపుతున్నాను. ఎక్స్‌పైరీ లిస్టు రావాలంటే మాత్రం ఇప్పుడు షాపులో ఉన్న స్టాకు బ్యాచ్ నంబరు, తేదీలతో ఒకసారి ఎక్కించాలి. అది ఓపిక పట్టే పని. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఒక ర్యాక్ మీ అబ్బాయితో కలిసి ఎక్కిస్తాను, ఎంతసేపు పడుతుందో మీరే చూడండి. వద్దనుకుంటే ఆ మాటే చెప్పండి, మళ్లీ అడగను."

ఇందులో నాకు బాగా నచ్చింది స్టాకు ఎక్కించే కష్టాన్ని దాచకపోవడం. ఆ కష్టం కొన్నాక తెలిస్తే నెల తిరక్కుండా సాఫ్ట్‌వేర్ మూలన పడుతుంది. ముందే తెలిస్తే ఎవరు ఎక్కించాలి, ఎప్పుడు ఎక్కించాలి అన్న మాటలు మొదలవుతాయి. ఆయన కూడా "మంగళవారం కాదు, బుధవారం రండి" అన్నారు. "మళ్లీ అడగను" అన్నాక నిజంగానే అడగకూడదు. కొందరు వద్దంటారు, అదీ మంచిదే. తేలని బేరం చుట్టూ తిరిగే టెన్షన్ ఉండదు.

ఇబ్బందులూ ఉన్నాయి. డెమోలో షాపాయన అడిగింది అడిగినట్టు అక్కడే రాసుకోకపోతే ఈ మెసేజ్ రాయలేం. ఏమీ అడగని మనిషికి ఇది పనికిరాదు, అక్కడ నేరుగా షాపుకెళ్లి మాట్లాడటమే దారి. ఒకరికి రాసింది ఇంకొకరికి పంపితే ఇట్టే దొరికిపోతాం. ఇక్కడ ఒడియా మీడియంలో చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడినా లిపి చదవలేనివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఇదే మాట వాయిస్ మెసేజ్‌గా పంపుతాను, బిల్లు ఫొటో మాత్రం తప్పకుండా జత చేస్తాను.