ఒంటిమిట్ట కల్యాణమా, పోటీ దుకాణమా: ఫోను ప్రకటనకు గిరి ఎక్కడ గీస్తే మేలు?

కడప వై.వి. స్ట్రీట్‌లో చీరల దుకాణం ఉందనుకుందాం. పోటీ దుకాణం అదే వీధిలో, 200 మీటర్ల దూరంలో ఉంది. జియోఫెన్సింగ్, అంటే మ్యాపు మీద గిరి గీసి అందులోకి వచ్చిన ఫోన్లకే ప్రకటన చూపడం, ఆ దుకాణం చుట్టూ చేయించాలా? లేక శ్రీరామనవమి ఉత్సవాల్లో ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం జరిగే చోటనా?

పోటీ దుకాణం గిరి వినడానికి బాగుంటుంది, లెక్క వేస్తే తేలిపోతుంది. గూగుల్ ప్రకటనల్లో కనీస వ్యాసార్థం 1 కిలోమీటరు. ఆ వృత్తం వైశాల్యం 31 లక్షల చదరపు మీటర్లకు పైనే. 450 చదరపు మీటర్ల దుకాణం అందులో సుమారు ఏడు వేలో వంతు. పైగా మన దుకాణమూ ఆ వృత్తంలోనే ఉంటుంది. మన గడపలో నిలబడ్డవారికే మన ప్రకటన చూపడానికి డబ్బు కడతామన్నమాట.

భవనం గోడల వెంబడే గిరి గీసి ఇస్తామనే ఏజెన్సీలు ఉన్నాయి. గీత సన్నగా ఉన్నంత మాత్రాన ఫోను చెప్పే చోటు కచ్చితం కాదు. ఆరుబయట జీపీఎస్ ఐదారు మీటర్ల తేడాతో పట్టుకుంటుంది. కాంక్రీటు కప్పు కింద వైఫై ఆధారంగా అంచనా వేస్తే ఆ తేడా పదుల మీటర్లకు, సెల్ టవర్ మీదే ఆధారపడితే వందల మీటర్లకు పెరుగుతుంది. పక్క మందుల షాపుకు వచ్చినవారూ, మేడమీద డాక్టరు దగ్గర కూర్చున్న రోగీ చీరలు కొనేవారుగా నమోదవుతారు. ఏజెన్సీని ఒక్కటి అడగండి: దుకాణం మూసి ఉన్న రాత్రి రెండు గంటలకు గిరిలో ఎన్ని ఫోన్లు కనిపించాయి? గణనీయంగా కనిపిస్తే అవి ఇరుగుపొరుగు ఇళ్లవే.

ఒంటిమిట్టలో కల్యాణం రాత్రివేళ విశాలమైన మైదానంలో జరుగుతుంది. జనం గంటల తరబడి ఒకేచోట కూర్చుంటారు కాబట్టి 1 కిలోమీటరు గిరి అక్కడ సరిపోతుంది. రద్దీలో నెట్‌వర్క్ మొరాయిస్తుంది గనుక ఆ ఒక్క రాత్రికే పరిమితం చేయకుండా ఉత్సవాల రోజులన్నీ నడపాలి. గూగుల్‌లో స్థలం సెట్టింగును అక్కడ ఉన్నవారికే కుదించాలి. మామూలుగా అది ఆ ఊరి మీద ఆసక్తి చూపినవారినీ కలుపుతుంది, హైదరాబాద్‌లో కూర్చుని ఒంటిమిట్ట గురించి వెతికినవారికీ ప్రకటన వెళుతుంది.

అందుకే నా ఓటు ఒంటిమిట్టకే, ఒక గట్టి షరతుతో. గుడికి వచ్చిన ఫోన్ల జాబితా దాచి, నెల తర్వాత వారి వెంటపడకూడదు. ఎవరు ఏ దేవుడికి మొక్కుతారో ఆ జాబితా చెప్పేస్తుంది. టార్చ్ యాప్‌కో ఆటకో లొకేషన్ అనుమతి ఇచ్చిన మనిషి దీనికి ఒప్పుకున్నట్టు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఎందుకు వాడుతున్నారో చెప్పి సమ్మతి తీసుకోవాలి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వైద్యశాలల చుట్టూ గిరి గీసిన ప్రకటనల సంస్థను 2017లో అక్కడి అటార్నీ జనరల్ కట్టడి చేశారు. మేడమీద డాక్టరు గది ఉన్న పోటీ దుకాణం గిరి కూడా అచ్చం అలాంటిదే.

ఉత్సవాలయ్యాక ఫలితం తెలియాలంటే ఆ ప్రకటనలో మాత్రమే కనిపించే ఒక కూపన్ సంఖ్య పెట్టి, బిల్లు కౌంటర్లో లెక్కించండి. ప్రకటన చూసి దుకాణానికి వచ్చారని ఏజెన్సీ ఇచ్చే సంఖ్యలోనూ పైన చెప్పిన తేడాలన్నీ ఉంటాయి.