ఏ బయో మేలు? క్యాబ్ డ్రైవర్ కూతురు రాసుకున్న మూడు చిత్తుప్రతులు

ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో "మీ గురించి 80 పదాల్లో రాయండి" అనే గడి దగ్గర తిరుపతి అమ్మాయి ఒకామె రెండు రోజులు ఆగిపోయింది. బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది అయిపోయింది. వాళ్ళ నాయన డిజైర్ క్యాబ్ నడుపుతాడు. రేణిగుంట విమానాశ్రయం, శ్రీకాళహస్తి, కాణిపాకం, చెన్నై, ఇవే ఎక్కువగా వచ్చే బాడిగలు. ఆమె దరఖాస్తు పెట్టేది ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఆపరేషన్స్ విభాగానికి. వచ్చిన బుకింగ్‌కు ఏ బండి పంపాలో చూడడం, ట్రిప్ షీట్లు సరిచూడడం, యాత్రికుల ఫోన్లు ఎత్తడం అక్కడి పని. ఫారంలో ఇంగ్లీషులో రాయాలి గానీ, పోల్చి చూడడానికి ఆమె చిత్తుప్రతులను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

మొదటిది ఇలా ఉంది: "నేను కష్టపడే స్వభావం గలదాన్ని. కొత్త విషయాలు త్వరగా నేర్చుకుంటాను. బృందంతో కలిసి పనిచేయగలను. మీ సంస్థలో అవకాశం ఇస్తే నన్ను నేను నిరూపించుకుంటాను."

తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఇందులోంచి ఆమె పేరు తీసి పక్క బెంచీ అమ్మాయి పేరు పెట్టినా సరిపోతుంది. దరఖాస్తులు చదివేవాళ్ళు దీన్ని అబద్ధమని అనుకోరు, అడగడానికి ఏమీ దొరక్క తర్వాతి ఫారానికి వెళ్ళిపోతారు. గుణాన్ని చెప్పే మాట పక్కన ఒక పని గానీ, ఒక అంకె గానీ లేకపోతే ఆ మాటను పట్టుకుని ప్రశ్న వేయడం కుదరదు.

రెండోది స్నేహితురాలి సలహాతో రాసింది: "నేను ఒక పేద క్యాబ్ డ్రైవర్ కూతురిని. మా నాన్న రాత్రింబవళ్ళు బండి నడిపి నన్ను చదివిస్తున్నారు. ఆయన కష్టాన్ని చూస్తూ పెరిగాను. ఆయన కల నెరవేర్చడమే నా లక్ష్యం."

ఇది మొదటిదానికన్నా మేలే, ఎందుకంటే ఇందులో ఒక మనిషి కనిపిస్తున్నాడు. చిక్కల్లా ఆ మనిషి ఆమె కాకపోవడం. నాలుగు వాక్యాల్లో పని చేసిందంతా నాయనే. స్కాలర్‌షిప్ దరఖాస్తు అయితే కుటుంబ పరిస్థితిని వాళ్ళే అడుగుతారు, ఆదాయ ధ్రువీకరణ పత్రం కూడా పెట్టమంటారు, కాబట్టి ఈ మాటలకు అక్కడ చోటుంది. ఇంటర్న్‌షిప్ ఫారం అడిగేది వేరు: సోమవారం పొద్దున కుర్చీలో కూర్చోబెడితే నీ చేత ఏం అవుతుంది?

ఆ ప్రశ్నకు జవాబు "నా బలాలేమిటి" అని తల పట్టుకుంటే దొరకదు. ఆమెకు దొరికిన దారి మరొకటి. ఏప్రిల్‌లో అయిదు రోజులు మదనపల్లెలో అమ్మమ్మ దగ్గర ఉంది. ఆ అయిదు రోజులూ ఇంట్లో ఏమేం ఆగాయో ఒక కాగితం మీద రాసింది. ట్రిప్పుల నోటుబుక్కులో ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి. బెంగళూరు యాత్రికులు చేసిన ఫోన్ నాయనకు సరిగా అర్థంకాక ఒక బుకింగ్ పోయింది. చెన్నైకి డ్రాప్ బాడిగకు వెళ్ళిన బండి ఖాళీగా తిరిగొచ్చింది. మనం లేనప్పుడు ఆగిన పనే మనం చేస్తున్న పని. బలం కోసం వెతకాల్సిన చోటు అదే.

ఆ మూడింటిలో అన్నిటికన్నా బరువైనది ఖాళీ బండి సంగతి, అందుకే దాని లెక్క తీసింది. నోటుబుక్కు ప్రకారం మార్చిలో బండి 5,200 కిలోమీటర్లు తిరిగితే అందులో 1,700 కిలోమీటర్లు ఖాళీగానే నడిచింది, అంటే దాదాపు మూడో వంతు. ఆ అంకె చూశాకే, మే నుంచి డ్రాప్ బాడిగ ఖాయమైన ముందురోజు సాయంత్రమే బండి వెళ్ళే ఊళ్ళోని తెలిసిన ట్రావెల్స్ వాళ్ళకు ఫోన్ చేసి, ఫలానా టైముకు బండి ఖాళీ అవుతుందని చెప్పడం మొదలుపెట్టింది. మేలో 5,100 కిలోమీటర్లకు ఖాళీ 1,180కి తగ్గింది. తేడా 520. వెంటనే బయోలో ఇలా రాసేసింది: "520 కిలోమీటర్లు తగ్గించి, లీటరుకు 20 కిలోమీటర్ల చొప్పున 26 లీటర్ల డీజిల్ ఆదా చేశాను."

నాయనకు చదివి వినిపిస్తే ఆయన ఒక్క క్షణం ఆగి అన్నాడు: "డీజిల్ యాడ మిగిలింది పాపా? బండి ఖాళీగా వచ్చినా, జనంతో వచ్చినా ఆ డీజిల్ కాలాల్సిందే కదా. మనకు మిగిలింది రిటన్ బాడిగ."

"అవును నాయనా!" అని ఆ వాక్యం కొట్టేసింది.

ఇలాంటి పొరపాటే బయోలను దెబ్బతీస్తుంది. అంకె సరైనదే, దాని పక్కన రాసిన ఫలితం తప్పు. రవాణా తెలిసినవాళ్ళు ఇంటర్వ్యూలో మొదట పట్టుకునేది దీన్నే. ఇంకో లోపం కూడా ఉంది. మే అంటే వేసవి సెలవులు, తిరుపతికి జనం ఎక్కువగా వచ్చే కాలం. 520 మొత్తాన్నీ తన ఖాతాలో వేసుకుంటే, రద్దీ వల్ల దానంతట అదే దొరికిన బాడిగను కూడా తనదన్నట్టు అవుతుంది. అందుకని తను ఫోన్ చేసి కుదిర్చినవి మాత్రమే విడిగా లెక్కపెట్టింది. నాలుగు తేలాయి. చెన్నై నుంచి మూడు, ఒక్కోటి 1,600 రూపాయలు. కాణిపాకం నుంచి ఒకటి, 700. మొత్తం 5,500 రూపాయలు. 26 లీటర్ల డీజిల్ అన్నంత గొప్పగా వినిపించకపోవచ్చు, కానీ ఎవరు తిరగేసి అడిగినా నిలబడే అంకె ఇది.

భాషల దగ్గరా ఇంతే జాగ్రత్త కావాలి. "తమిళం, కన్నడం వచ్చు" అని రాస్తే తమిళంలో వచ్చిన మెయిల్ ముందు పెట్టి చదవమనవచ్చు. ఆమెకు రెండు భాషల్లోనూ మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఎంత వచ్చో అంతే రాసింది. ఫోన్లెత్తే పనికి అది చాలు.

మూడో చిత్తుప్రతి:

"బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది పూర్తిచేశాను. ఏడాదిగా మా నాన్న నడిపే క్యాబ్‌కు ట్రిప్పులు, కిలోమీటర్లు, డీజిల్ వివరాలు రోజూ నమోదు చేస్తున్నాను, ఆ లెక్కను ఎక్సెల్‌లోకి మార్చాను. మార్చిలో మూడో వంతు దూరం బండి ఖాళీగా నడిచిందని గమనించి, రిటర్న్ బుకింగ్‌ల కోసం ముందురోజే ఫోన్ చేసే పద్ధతి పెట్టాను. మేలో అలా నాలుగు ట్రిప్పులు కుదిరి 5,500 రూపాయలు వచ్చాయి. యాత్రికులతో తెలుగు, తమిళం, కన్నడంలో ఫోన్లో మాట్లాడగలను. ఎక్కువ బండ్లున్న చోట ఈ కేటాయింపు ఎలా జరుగుతుందో నేర్చుకోవాలని ఉంది."

మూడింటిలో మేలైనది ఇదే. నాయన ఇందులోనూ ఉన్నాడు, కానీ జాలి కోసం కాదు, ఆమె పని ఎక్కడ నేర్చుకుందో చెప్పడానికి. "పేద" అన్న మాట తీసేసినా ఆయన కష్టం చిన్నబోలేదు. క్రియలన్నీ ఆమెవే: నమోదు చేశాను, మార్చాను, గమనించాను, పెట్టాను. చివరి వాక్యం ఆ ఆఫీసు పనికి నేరుగా ముడిపడింది. అదే ఆమె బ్యాంకు ఇంటర్న్‌షిప్‌కు పెట్టుకుంటే ఫోన్ల వాక్యం కుదించి, రోజువారీ లెక్కల వాక్యాన్ని పెంచాలి. అన్ని ఫారాలకూ ఒకే బయో అతికించడం కుదరదు.

ఈ రకం బయోకు ఒక ఖర్చు ఉంది. రాసిన ప్రతి అంకెకూ ఆధారం దగ్గర ఉండాలి. ఆమె ఎక్సెల్ షీటులో మార్చి, మే నెలలను విడిగా సేవ్ చేసింది, యాత్రికుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న గడులు తీసేసింది, ఎందుకంటే అవి బయటివాళ్ళకు చూపించదగినవి కావు. ఏప్రిల్‌లో అయిదు రోజుల ఖాళీని అలాగే వదిలేసింది, అంచనాతో నింపలేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి మదనపల్లె ప్రయాణం ఉంది.