ఇంటెల్ హెక్స్, ఎస్-రికార్డు: ఫ్లాష్‌లోకి ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి ఏది మేలు?

మైక్రోకంట్రోలర్‌లోకి ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్‌ను సాధారణంగా రెండు రకాల టెక్స్ట్ ఫైళ్లలో ఒకదానిగా తయారుచేసుకుంటాం. ఒకటి ఇంటెల్ హెక్స్, రెండవది మోటరోలా ఎస్-రికార్డు. రెండింటిలోనూ ఒక్కో వరుస ఒక్కో రికార్డు. ప్రతి రికార్డులోనూ ఎన్ని బైట్లున్నాయో చెప్పే సంఖ్య, అడ్రసు, డేటా, చివర ఒక చెక్‌సమ్ బైటు ఉంటాయి. అందువల్ల ఏది వాడినా ఒకటేనని చాలామంది అనుకుంటారు. డేటా వరకు అది నిజమే కానీ, అడ్రసును చెప్పే పద్ధతిలో రెండింటికీ పెద్ద తేడా ఉంది. ఫర్మ్‌వేర్ 64 కేబీ దాటిన రోజున ఆ తేడా బయటపడుతుంది.

ఎస్‌టీఎమ్32ఎఫ్103సీబీ చిప్‌నే తీసుకుందాం. దాని ఫ్లాష్ 128 కేబీ, అది 0x08000000 దగ్గర మొదలవుతుంది. మొదటి ఎనిమిది బైట్లలో స్టాక్ పాయింటర్ తొలి విలువ 0x20005000, రీసెట్ వెక్టర్ 0x08000131 ఉన్నాయనుకుందాం. ఇంటెల్ హెక్స్‌లో ఇవి ఇలా కనిపిస్తాయి:

```
:020000040800F2
:0800000000500020310100084E
```

ఎస్-రికార్డులో ఇదంతా ఒకే వరుస:

```
S30D08000000005000203101000840
```

రెండింటిలోనూ అడ్రసును పెద్ద బైటు ముందు వచ్చేలా రాస్తారు. డేటా మాత్రం మెమరీలో ఉన్న వరుసలోనే ఉంటుంది కనుక 0x20005000 అన్న విలువ `00500020`గా కనబడుతుంది. ఫైలును కంటితో చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంటెల్ హెక్స్ డేటా రికార్డులో అడ్రసుకు రెండు బైట్ల చోటే ఉంది. అందులో పట్టేది 64 కేబీ పరిధి మాత్రమే. పై పదహారు బిట్లను 04 రకం రికార్డు విడిగా చెబుతుంది. మొదటి వరుసలోని `0800` అదే. మరో 04 రికార్డు వచ్చేవరకు లోడర్ ఆ విలువను గుర్తుపెట్టుకుని, తర్వాత వచ్చే ప్రతి అడ్రసుకూ కలపాలి. ఎస్-రికార్డులోని ఎస్3 రకానికి ఆ అవసరం లేదు. నాలుగు బైట్ల పూర్తి అడ్రసు ప్రతి వరుసలోనూ ఉంటుంది, పక్క వరుసతో నిమిత్తం లేకుండా అర్థమవుతుంది.

చెక్‌సమ్ లెక్క రెండింటిలోనూ దాదాపు ఒకటే. పై ఇంటెల్ డేటా వరుసలో చెక్‌సమ్‌కు ముందున్న బైట్లన్నీ కూడితే B2 వస్తుంది. దాన్ని 100 హెక్స్ నుంచి తీసివేస్తే 4E. కనుక వరుస మొత్తం కూడినప్పుడు చివరి బైటు 00 కావాలి. ఎస్-రికార్డులో సంఖ్య, అడ్రసు, డేటా కలిపితే BF, దాన్ని FF నుంచి తీసివేస్తే 40. అక్కడ మొత్తం FF కావాలి. చెడిపోయి అన్నీ సున్నాలుగా వచ్చిన వరుసను రెండవ పద్ధతి పట్టుకుంటుంది, మొదటిది పట్టుకోలేదు. ఆ ఒక్క మెరుగు తప్ప బలహీనతలు రెండింటికీ సమానమే. `31 01` అన్న రెండు బైట్లు తారుమారై `01 31` అయినా కూడిక మారదు కాబట్టి ఏ చెక్‌సమూ ఆ తప్పును చెప్పలేదు.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన పరిమితి మరొకటుంది. చెక్‌సమ్ తన వరుసకే కాపలా కాస్తుంది, అసలు రాని వరుస గురించి దానికేమీ తెలియదు. ఈ పరిమితి రెండు ఫార్మాట్లకూ ఉన్నా, దానివల్ల జరిగే నష్టం మాత్రం ఒకటి కాదు.

పై ఫర్మ్‌వేర్ పరిమాణం 80 కేబీ అనుకుందాం. అంటే అది 0x08013FFF వరకు వెళుతుంది. ఫైలులో 64 కేబీ పూర్తయిన చోట ఈ వరుస రావాలి:

```
:020000040801F1
```

ఈ ఒక్క వరుస లోడర్‌కు చేరలేదనుకోండి. ఫ్లాష్ పేజీ చెరిపే సమయంలో ప్రాసెసర్ ఆగిపోయి, సీరియల్ పోర్టులో వచ్చిన అక్షరాలు పోవచ్చు. చెక్‌సమ్ తప్పిన వరుసను వదిలేసి ముందుకు సాగేలా లోడర్‌ను రాసి ఉండవచ్చు. అన్నిటికంటే తరచుగా జరిగేది, సొంతంగా రాసుకున్న లోడర్‌కు 04 రికార్డు అర్థమే కాకపోవడం. 64 కేబీ లోపు ఫర్మ్‌వేర్‌తో అది ఏళ్ల తరబడి చక్కగా పనిచేస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. కారణమేదైనా, మిగిలిన 16 కేబీ 0x08010000కు వెళ్లకుండా తిరిగి 0x08000000 మీదికే వస్తుంది. అప్పుడు కూడా ప్రతి డేటా వరుస చెక్‌సమూ సరిగ్గానే ఉంటుంది.

ఆ తర్వాత ఏమవుతుందన్నది చిప్‌నూ లోడర్‌నూ బట్టి ఉంటుంది. ఎస్‌టీఎమ్32ఎఫ్103లో ఒకసారి రాసి చెరపని చోట 0x0000 తప్ప మరేది రాయబోయినా హార్డ్‌వేర్ నిరాకరించి, స్టేటస్ రిజిస్టర్‌లో `PGERR` బిట్ పెడుతుంది. లోడర్ ఆ బిట్‌ను చూస్తే తప్పు అక్కడే దొరుకుతుంది. అలాంటి కాపుదల లేని నార్ ఫ్లాష్‌లో ఒకటిని సున్నా చేయడమే తప్ప సున్నాను ఒకటి చేయడం కుదరదు. అందుచేత పాత 31 మీద 4B రాస్తే మిగిలేది 01. అది పాతదీ కాదు, కొత్తదీ కాదు.

కంప్యూటర్‌లో నడిచే లోడర్ ముందుగా ఫైలంతా చదివి, మెమరీలో ఇమేజ్ తయారుచేసి, తర్వాత ఫ్లాష్‌లో రాసేదైతే పరిస్థితి ఇంకా ప్రమాదకరం. తప్పు ఆ ఇమేజ్‌లోనే ఉంది కనుక, రాసినదాన్ని తిరిగి చదివి దానితోనే పోల్చే వెరిఫై దశ ఏ అభ్యంతరమూ లేకుండా పూర్తవుతుంది. బోర్డు మాత్రం లేవదు.

ఎస్3 ఫైలులో ఇదే విధంగా ఒక వరుస పోతే ఆ వరుసలోని బైట్ల మేరకు ఖాళీ మిగులుతుంది, అక్కడ FFలు ఉంటాయి. మిగతావన్నీ వాటి వాటి చోట్లకే చేరతాయి. అదీ తప్పే, దానివల్లా ప్రోగ్రామ్ పడిపోవచ్చు. కానీ ఒక వరుస లోపం 16 కేబీని దారి తప్పించదు, అప్పటికే సరిగ్గా రాసిన వెక్టర్ పట్టికను పాడుచేయదు. రికార్డుల సంఖ్యను చెప్పే ఎస్5 రికార్డు కూడా ఈ ఫార్మాట్‌లో ఉంది. అయితే అది తప్పనిసరి కాదు కాబట్టి ప్రతి ఫైలులోనూ ఉంటుందని ఆశించి లోడర్ రాయకూడదు.

ఎస్3కు చెల్లించే మూల్యం కొద్దిపాటిదే. వరుసకు పదహారు డేటా బైట్లు పెడితే ఇంటెల్ హెక్స్ వరుస 43 అక్షరాలు, ఎస్3 వరుస 46. మన 80 కేబీకి 5,120 వరుసలు కనుక అదనంగా 15,360 అక్షరాలు. 115200 బాడ్ వేగంతో అది ఒకటిన్నర సెకన్లకు లోపే.

కనుక బూట్‌లోడర్ మనం రాసేదైతే నా ఓటు ఎస్3కే. లోడర్ కోడు చిన్నదవుతుంది, వరుసల మధ్య గుర్తుపెట్టుకోవలసినది ఏమీ ఉండదు. ఫ్లాష్ తక్కువ అడ్రసులో మొదలయ్యే చిప్‌లకు పనిముట్లు ఎస్1 లేదా ఎస్2ను ఎంచుకోవచ్చు గనుక, ఎస్3నే ఇవ్వమని స్పష్టంగా అడగడం మంచిది:

```
arm-none-eabi-objcopy -O srec --srec-forceS3 fw.elf fw.srec
```

తయారీదారు ఇచ్చిన ప్రోగ్రామర్‌తో ఎక్కించేటప్పుడు ఇంటెల్ హెక్స్ వాడడమే సులువు. ఆ పనిముట్లలో దానికున్న మద్దతు విస్తృతం, 04 రికార్డును అవి సరిగ్గానే అర్థం చేసుకుంటాయి. సొంత బూట్‌లోడర్‌కు ఇంటెల్ హెక్స్ తప్పనిసరైతే మాత్రం మూడు నియమాలు పెట్టాలి. చెక్‌సమ్ తప్పిన వరుస దగ్గర ఆగిపోవాలి, ఈ విడతలో ఒకసారి రాసిన అడ్రసు మళ్లీ వస్తే తిరస్కరించాలి, తెలియని రకం రికార్డును చూసీచూడనట్టు దాటిపోకూడదు.

రెండింటిలో ఏది ఎంచుకున్నా మొత్తం ఇమేజ్‌కు సీఆర్‌సీ వేరుగా కావాలి. దాన్ని హెక్స్ ఫైలు చదివి కట్టిన ఇమేజ్ మీద కాకుండా, లింకర్ ఇచ్చిన ఈఎల్ఎఫ్ నుంచి నేరుగా తీసిన బైనరీ మీద లెక్కించాలి. లేకపోతే అడ్రసు తప్పు దానిలోకీ పాకుతుంది. సీఆర్‌సీ ఇంకా పెట్టుకోని బోర్డులో అనుమానం వస్తే 0x08010000 దగ్గర నాలుగు బైట్లు చదివి చూడండి. అక్కడ కోడు ఉండవలసి ఉండగా `FF FF FF FF` కనిపించి, 0x08000000 దగ్గరి మొదటి పదం ర్యామ్ అడ్రసులా లేకపోతే, ముందుగా వెతకవలసింది ఆ రెండవ 04 రికార్డు కోసమే.