గూగుల్ టేక్‌ఔట్: ఆరేళ్లు వాడాక, కాలేజీ అకౌంట్ పోయే ముందు

మొన్న మార్చిలో ఒక రాత్రి పదకొండింటికి మా పాత రూమ్మేట్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, కాలేజీ మెయిల్ చూశావా? నెలాఖరుకి మన బ్యాచ్ అకౌంట్లన్నీ తీసేస్తారంట." చూడలేదు. తెరిచి చూస్తే మూడు వారాల క్రితమే వచ్చి పడి ఉంది. ఇంకా తొమ్మిది రోజులే గడువు.

కాలేజీలు ఇలా ఎందుకు చేస్తున్నాయంటే, విద్యాసంస్థలకు ఇచ్చే అపరిమిత స్టోరేజీని ఆపేస్తున్నట్టు గూగుల్ 2021లో ప్రకటించింది. 2022 నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ అంది. వినడానికి చాలా పెద్ద అంకె. కానీ ఇరవై వేల అకౌంట్లున్న చోట పంచితే తలా 5 జీబీ. చదువు ముగించుకుని వెళ్లిపోయిన నాలాంటి వాళ్ల మీదే ముందు వేటు పడుతుంది. నా అకౌంట్లో ఉన్నది 41 జీబీ, అందులో 33 జీబీ ఫొటోలే.

గూగుల్‌లో ఉన్న మన డేటాని దించుకోవడానికి ఆ సంస్థే ఇచ్చే టేక్‌ఔట్ నాకు కొత్త కాదు. 2019 నుంచి నావి, ఇంట్లోవాళ్లవి కలిపి ఓ అరడజను సార్లు దించి ఉంటాను. పద్ధతి తేలిక. takeout.google.com కి వెళ్తే డేటా రకాలన్నీ ముందే టిక్ చేసి ఉంటాయి. నేను మొదట Deselect all నొక్కి, మెయిల్, డ్రైవ్, ఫొటోలు, కాంటాక్ట్స్, క్యాలెండర్ మాత్రం మళ్లీ ఎంచుకుంటాను. అన్నీ ఒకే ఎక్స్‌పోర్ట్‌లో అడగను. మెయిల్ ఒకటి, ఫొటోలు ఒకటి విడివిడిగా అడిగితే చిన్నది ముందు తయారవుతుంది, అది చేతికొస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఈసారి మెయిల్ రెండు గంటల్లో సిద్ధమైంది. ఫొటోలకు మర్నాడు సాయంత్రం దాకా పట్టింది.

తర్వాతి పేజీలో అడిగే రెండు ప్రశ్నల దగ్గర తొందరపడకూడదు. మొదటిది, ఫైల్ ఎక్కడికి పంపాలి అని. డౌన్‌లోడ్ లింకు మెయిల్‌కి పంపమనొచ్చు, లేదా నేరుగా డ్రైవ్‌లో వేయమనొచ్చు. మా బావ తన ఆఫీసు అకౌంట్ వదిలేసేటప్పుడు సులువు కదా అని డ్రైవ్ ఎంచుకున్నాడు. ఏ డ్రైవ్? ఆ అకౌంట్‌దే! ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా మూటగట్టి అదే ఇంటి అటక మీద పెట్టినట్టయింది. గడువుకి ముందురోజు రాత్రి ఆ మూటల్ని మళ్లీ కిందికి దించుకున్నాడు. నేనెప్పుడూ లింకే అడుగుతాను.

రెండోది, ముక్క సైజు, అంటే ఎక్స్‌పోర్ట్‌ని ఎంతెంత ఫైళ్లుగా విడగొట్టి ఇవ్వాలి అని. మామూలుగా 2 జీబీ ఉంటుంది, 50 దాకా పెంచుకోవచ్చు. మొదటిసారి నేను 50 పెట్టాను, ఒకే ఫైల్ అయితే బాగుంటుందని. మా ఇంటి నెట్ మధ్యలో తెగిపోయింది. మళ్లీ మొదలుపెడితే సున్నా నుంచి. ఒక్కో ముక్కను ఐదుసార్లకు మించి దించనివ్వదు, లింకు ఏడు రోజుల్లో చెల్లిపోతుంది. నాలుగోసారికి గానీ నా ఫైల్ పూర్తి కాలేదు. తర్వాత 10 జీబీకి వచ్చాను, అక్కడ వేరే తప్పు చేశాను. దించినవాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే, ఖాళీ ఉన్నా కుదరదంది. ఆ పెన్‌డ్రైవ్ FAT32 ఫార్మాట్‌లో ఉంది, అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా పట్టదు. దాన్ని exFAT కి మార్చాక పని జరిగింది. ఇప్పుడు నెట్ బాగుంటే 10, ఊళ్లో మా అమ్మావాళ్ల ఇంట్లో కూర్చుంటే 2.

ఇంకో మాట. లింకు మెయిల్ రాలేదని కూర్చోనక్కర్లేదు. టేక్‌ఔట్ పేజీలోనే మీ ఎక్స్‌పోర్ట్‌ల జాబితా ఉంటుంది, సిద్ధమైతే డౌన్‌లోడ్ బటన్ అక్కడే కనిపిస్తుంది.

దించాక ముక్కలన్నీ ఒకే ఫోల్డర్లో విప్పాలి. ఇది నేను కష్టపడి నేర్చుకున్న సంగతి. ఫొటో రెండో జిప్‌లో ఉంటుంది, దాని తేదీ, చోటు రాసి ఉన్న చిన్న జేసన్ ఫైల్ మూడో జిప్‌లో ఉండొచ్చు. విడివిడి ఫోల్డర్లలో విప్పితే ఆ రెండూ కలుసుకోవు.

ఆ జేసన్‌తో మనకేం పని అనిపిస్తుంది. కెమెరాతో తీసిన ఫొటోలకు నిజంగానే పెద్దగా పనిలేదు, తేదీ ఫొటో లోపలే ఉంటుంది. చిక్కంతా వాట్సాప్‌లో వచ్చినవాటితో, స్కాన్ చేసినవాటితో. మా నాయనమ్మ పీట మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్న ఫొటో ఒకటుంది. మా చెల్లి వాట్సాప్‌లో పంపింది. కంప్యూటర్లోకి తెచ్చాక అది 2025 ఫొటోల మధ్య కూర్చుంది. ఆవిడ పోయి అప్పటికి ఏడేళ్లు. పక్కనున్న జేసన్ తెరిస్తే అసలు తేదీ కనిపించింది:

```
"photoTakenTime": {
  "timestamp": "1471158000",
  "formatted": "14 Aug 2016, 07:00:00 UTC"
}
```

ఆ పెద్ద అంకె 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. పక్కనున్న వేళకు మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి, అంటే మధ్యాహ్నం పన్నెండున్నర. మా ఇంట్లో వంటకు ఆలస్యమైన రోజన్నమాట. వాట్సాప్ ఫొటోల విషయంలో ఇది ఫోన్‌లోకి ఫొటో చేరిన వేళ కావచ్చు, తీసిన వేళే అని గట్టిగా చెప్పలేం. అయినా 2025 కన్నా ఎంతో నయం.

ఈ తేదీల్ని ఫొటోల్లోకి ఎక్కించడానికి ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడాను. ముందుగా ఫోల్డర్‌కి ఒక నకలు తీసి, ఆ నకలు మీదే నడిపాను:

```
exiftool -r -d %s -tagsfromfile "%d/%F.supplemental-metadata.json" "-DateTimeOriginal<PhotoTakenTimeTimestamp" -ext jpg .
```

పాత ఎక్స్‌పోర్ట్‌లలో జేసన్ పేరు ఇంత పొడవుండదు, ఫొటో పేరు పక్కన .json మాత్రమే ఉంటుంది. అప్పుడు కమాండ్‌లో .supplemental-metadata ని ముందున్న చుక్కతో సహా తీసేయాలి. ఇక ఫొటో పేరే పొడవైతే జేసన్ పేరు మధ్యలో తెగిపోతుంది, కమాండ్‌కి అది దొరకదు. నాకు అలా మిగిలినవి రెండొందల పైచిలుకు. కొన్ని చేత్తో సరిచేశాను, మిగతావాటిని అలాగే వదిలేశాను.

ఫొటోల్లో ఆల్బమ్‌ల గొడవ కూడా ఉంది. Photos from 2016 లాంటి ఏడాది ఫోల్డర్లో ఉన్న ఫొటోనే ఆల్బమ్ ఫోల్డర్లోనూ మరోసారి వస్తుంది. ఆల్బమ్‌లు ఎక్కువుంటే సైజు ఊహించనంత పెరుగుతుంది. ఏడాది ఫోల్డర్లు మాత్రమే ఎంచుకుంటే ఫొటోలు ఒక్కసారే వస్తాయి, కానీ ఏ ఫొటో ఏ ఆల్బమ్‌లో ఉందో పోతుంది. నేను రెండూ తెచ్చుకున్నాను. డిస్క్ కొనుక్కోవచ్చు, ఫేర్‌వెల్ ఆల్బమ్‌ని మళ్లీ పేర్చే ఓపిక నాకు లేదు.

మెయిల్ సంగతి దీనికంటే ఎంతో హాయి. అంతా ఒకే ఎంబాక్స్ ఫైల్‌గా వస్తుంది, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకుని చదువుకోవచ్చు. పూర్తిగా వచ్చిందో లేదో చూడ్డానికి నా లెక్క ఇది:

```
grep -c "^X-GM-THRID:" "All mail Including Spam and Trash.mbox"
```

ప్రతి ఉత్తరానికీ ఆ లైన్ ఒకటుంటుంది కాబట్టి ఎన్ని ఉత్తరాలో తెలుస్తుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో, ఒక ఉత్తరాన్నీ దాని జవాబుల్నీ కలిపి ఒకటిగా చూపించే కన్వర్జేషన్ వ్యూ ఆపేసి, అన్ని మెయిల్స్ సంఖ్య, స్పామ్, ట్రాష్ కలిపి పోల్చాను. ఒకటీ అరా తేడా ఉంటే పట్టించుకోను. వేలల్లో ఉంటే ఏదో ముక్క దిగలేదని అర్థం. జిప్‌లను కూడా 7-జిప్‌లో టెస్ట్ నొక్కి చూస్తాను, సగంలో తెగిన డౌన్‌లోడ్ అక్కడ దొరికిపోతుంది.

ఇక టేక్‌ఔట్‌లో రానివి. డ్రైవ్‌లో ఇతరులు మనతో పంచుకున్న ఫైళ్లు రావు, మన సొంతవి మాత్రమే వస్తాయి. మా ఫైనలియర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ మా రూమ్మేట్ పేరు మీద ఉంది. నలుగురం కలిసి రాసింది, కానీ నా ఆర్కైవ్‌లో దాని జాడ లేదు. గడువుకి రెండు రోజుల ముందు షేర్డ్ జాబితా తెరిచి, కావాల్సినవాటికి ఒక్కొక్కటిగా మేక్ ఏ కాపీ కొట్టి, అవి నావయ్యాక డ్రైవ్ మాత్రం మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. ఆ మెయిల్‌తో లాగిన్ అయ్యే ఇతర సైట్ల సంగతి కూడా అంతే. ఆర్కైవ్ వాటిని కాపాడదు. ఒక షేర్ల బ్రోకరేజీ అకౌంట్‌కి ఇంకా కాలేజీ మెయిలే ఉందని ఆఖరి రోజున గుర్తొచ్చింది, ఆ ఓటీపీ వచ్చేదాకా నా గుండె నోట్లోనే ఉంది.

మా రూమ్మేట్‌కి ఇంకో చిక్కు వచ్చింది. అతని అకౌంట్‌లో టేక్‌ఔట్ పేజీ తెరుచుకోలేదు, అడ్మిన్ ఆపేశాడన్న సందేశం వచ్చింది. కాలేజీ అకౌంట్లలో ఆ స్విచ్ వాళ్ల చేతిలో ఉంటుంది. మెయిల్ మాత్రం ఇంకా తెరుచుకుంటోంది. బదిలీ పేజీ, takeout.google.com/transfer, అదీ పనిచేయలేదు. లేకపోతే అది మెయిల్‌నీ డ్రైవ్ ఫైళ్లనీ నేరుగా సొంత జీమెయిల్‌కి కాపీ చేసేది, అక్కడ ఉచిత 15 జీబీలో ఖాళీ ఉంటే. చివరికి థండర్‌బర్డ్‌లో ఆ అకౌంట్‌ని ఐమ్యాప్‌తో, అంటే సర్వర్‌లో ఉన్న మెయిల్‌ని అక్కడే ఉంచి చూపించే పద్ధతితో, కలిపి, ఉత్తరాలను లోకల్ ఫోల్డర్స్‌లోకి లాగేశాడు. ఐమ్యాప్ ఫోల్డర్లలో కనిపిస్తున్నాయి కదా అని అవి దిగాయనుకోవద్దని నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అకౌంట్ మూసేస్తే అవీ పోవచ్చు, లోకల్‌కి కాపీ అయినవే మిగులుతాయి. డ్రైవ్ ఫోల్డర్లను బ్రౌజర్‌లోనే ఎంచుకుని డౌన్‌లోడ్ కొట్టాడు, అదే జిప్ చేసి ఇస్తుంది.

మా నాన్న అకౌంట్‌తో మాత్రం నేను ఓడిపోయాను. ఫోన్‌లో లాగిన్ అయ్యే ఉంది, ఫొటోలన్నీ కనిపిస్తున్నాయి. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు, రికవరీ నంబర్ ఎప్పుడో వదిలేసిన సిమ్. ఎక్స్‌పోర్ట్ తయారైంది గానీ, డౌన్‌లోడ్ నొక్కగానే మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. అకౌంట్ తెరిచి ఉండటం వేరు, అది మన చేతిలో ఉండటం వేరని అక్కడ తెలిసింది. ఫొటోస్ యాప్‌లోంచి వంద వంద చొప్పున ఫోన్‌లోకి సేవ్ చేసుకుంటూ రెండు ఆదివారాలు కూర్చున్నాను. మెయిల్స్ వదులుకున్నాం.

మార్కులు వేయమంటే మెయిల్‌కి తొమ్మిది, ఫొటోలకు ఆరు, డ్రైవ్‌కి ఏడు. గూగుల్ డాక్స్ వర్డ్ ఫైళ్లుగా మారి వస్తాయి. మామూలు రాతలకు ఇబ్బంది లేదు, బొమ్మలు, పట్టికలు ఎక్కువున్నవి కాస్త అటూ ఇటూ జరుగుతాయి. ముఖ్యమైనవి పీడీఎఫ్‌గా కూడా దించుకున్నాను.

ఏప్రిల్ రెండున లాగిన్ అవబోతే కుదరలేదు. జిప్‌లు రెండు డిస్కుల మీద ఉన్నాయి, ఒకటి నా దగ్గర, ఒకటి చెల్లి దగ్గర. ఎడిట్ చేసిన ఫొటోల పక్కన -edited అని వచ్చిన నకళ్లు ఇంకా ఏరుతూనే ఉన్నాను, ఇప్పటికి 2017 దాకా వచ్చాను.