నాలుగేళ్ల మల్టీమీటరు: దాని ఏసీ రేంజి గురించి మాత్రమే

ఈ ఆటోరేంజి మీటరు నా దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది. కంటిన్యుయిటీ బీపు, ఓమ్‌లు, డీసీ ఓల్టులు అన్ని మీటర్లలోనూ ఉన్నట్టే ఉన్నాయి, వాటి గురించి రాయను. రాయాల్సింది ఒక్కటే, దీని ఏసీ ఓల్టుల రేంజి. అది లేకపోతే నేను మూడో బ్యాటరీ కొనుండేవాణ్ణి.

మాది తొమ్మిదేళ్ల డీజిల్ కారు. ఇల్లు విశాఖలో లాసన్స్ బే వైపు, వారంలో మూడు నాలుగు రోజులు బండి కదలదు. ఒక రాత్రి భీమిలి నుంచి వస్తుంటే రుషికొండ దాటాక హెడ్‌లైట్లు వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఊగడం మొదలుపెట్టాయి. స్పీడు తగ్గితే ఊగుడు ఎక్కువ, యాక్సిలరేటర్ తొక్కితే తక్కువ. ఎదురుగా వచ్చేవాళ్లు నేను డిప్పర్ కొడుతున్నాననుకుని వాళ్లూ కొట్టారు. ఇంటికొచ్చేసరికి నలుగురైదుగురితో పోట్లాడినట్టయింది.

మూడో రోజు పొద్దున్న సెల్ఫ్ కొడితే టక్ మని ఒక్క చప్పుడు, అంతే. పక్కింటాయన జంపర్ వైర్లు తెచ్చారు. బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి కదా అని కొత్తది వేయించాను. రెండు నెలలు తిరక్కుండా అదీ దిగిపోయింది. కొన్న షాపులో చార్జింగ్ పెట్టి, పరీక్షించి, "బ్యాటరీ శుభ్రంగా ఉంది, మీ బండిలోనే ఎక్కడో ఉంది తేడా" అన్నారు. ఆ మాటకి అప్పుడు ఒళ్లు మండింది గానీ, ఆయన అన్నది నిజమే.

సముద్రపు గాలి కదా, ముందు అనుమానం ఎర్త్ వైర్ల మీదికే పోయింది. ఇంజను నుంచి బాడీకి వెళ్లే పట్టీ బోల్టు దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంది. విప్పి, గీకి, గ్రీజు పూసి బిగించాను. లైట్ల ఊగుడు మాత్రం అలాగే ఉంది.

అప్పటికి నా చేతిలో ఉన్నది రెండొందల రూపాయల పసుప్పచ్చ మీటరు. దాన్ని ఎంతమందికి కొనిపెట్టానో లెక్క లేదు, "ఇంతకంటే ఏం కావాలి" అని చెప్పి మరీ. ఇంజను స్టార్ట్ చేసి డీసీ చూస్తే 13.7. చార్జింగ్ బాగానే ఉందనుకుని వదిలేశాను. లైట్లూ బ్లోయరూ వేసి చూడాలని తోచలేదు. తర్వాత చూస్తే ఐడిల్‌లో 12.9కి పడిపోయింది.

ఆటోనగర్‌లో మేస్త్రి ఒకాయన, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "డైనమోలో డయోడ్లు చూడండి బాబూ. మీటరు ఏసీలో పెట్టి బ్యాటరీ మీద ఆనించండి, అర ఓల్టు దాటితే అదే" అన్నాడు. అసలు విషయం ఇదీ: ఆయన డైనమో అన్నది ఆల్టర్నేటర్‌ని, అందులో పుట్టేది మూడు ఫేజుల ఏసీ. దాన్ని డీసీగా మార్చేవి ఆ డయోడ్లు, మామూలుగా ఆరు. అన్నీ బాగుంటే డీసీ మీద కనపడీ కనపడని అలలు మాత్రమే మిగులుతాయి. ఒకటి పోతే ఏసీ ప్రతి సైకిల్‌కీ ఒక గొయ్యి పడుతుంది. హాలోజన్ ఫిలమెంటుకి అంత వేగంగా ఊగే శక్తి లేదు. మన కంటికి కనిపించేది, చార్జింగ్ ఓల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ ఆ గోతుల వెంట పరిగెత్తుతూ పడే తడబాటు.

ఇంటికొచ్చి పసుప్పచ్చ మీటరును ఏసీలో దానికున్న అతి చిన్న రేంజి, 200లో పెట్టి ఆనిస్తే 28 చూపించింది. గుండె జారింది. ఇంజను ఆపినా 27. ఇంజను ఆగిపోయాక అల ఎక్కణ్ణుంచి వస్తుంది? వైర్లు తిరగేసి పెడితే సున్నా. అప్పుడు అర్థమైంది. ఆ మీటరు లోపల డీసీని ఆపే కెపాసిటర్ లేదు, ఒక్క డయోడుతో సగం అలను తీసుకుని రెండింతలకు పైగా చేసి చూపిస్తుంది. బ్యాటరీ పన్నెండు ఓల్టులనే ఏసీ అనుకుంటోంది. ఏదో కెపాసిటర్ తగిలించి డీసీని ఆపినా, 200 రేంజిలో అర ఓల్టు తేడాని నమ్మలేం, దాని డయోడే అంత మింగేస్తుంది. కాబట్టి నేను ఇంతకుముందు చేసిన పొగడ్తలో ఈ ఒక్క ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. ఇంట్లో ప్లగ్గులు, ఫ్యూజులు చూసుకోవడానికి అది ఇప్పటికీ వాడుతున్నాను.

పన్నెండొందలు పెట్టి ఇది కొన్నాను. కొనేముందు షాపులోనే తొమ్మిది ఓల్టుల బ్యాటరీ మీద ఏసీలో ఆనించాను, ఎటు తిప్పి పెట్టినా సున్నా దగ్గరే నిలిచింది. ఆ ఒక్క పరీక్ష చాలు.

బండి స్టార్ట్ చేసి, లైట్లు, బ్లోయరు, వెనక అద్దం హీటరు వేసి, బ్యాటరీ మీద ఏసీ చూస్తే 0.86. బాగున్న బండిలో 0.1 లోపే ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రేజ్ చేసి మూడు వేలకి తీసుకెళ్లి చూస్తే మీటరు తక్కువ చెప్పొచ్చు. ఇలాంటి మీటర్లు చాలావరకు ఏసీని 400 హెర్ట్జ్ దాకానే సరిగ్గా కొలుస్తాయి. నా బండిలో పుల్లీ రెండున్నర రెట్లు తిప్పుతుందని, ఆల్టర్నేటర్‌కి 12 పోల్స్ ఉన్నాయని లెక్కేస్తే, పోయిన డయోడు అల ఐడిల్‌లో 200 హెర్ట్జ్, 1500 ఆర్‌పీఎం దగ్గర 375. కాబట్టి ఆ రెండింటి మధ్యే చూశాను. బ్యాటరీ దిగిపోయి ఉన్నా అల పెద్దగా కనిపిస్తుంది, అందుకే ముందురోజు రాత్రే చార్జర్ పెట్టాను.

రాత్రుళ్లు బ్యాటరీ ఎందుకు దిగుతోందో తేలాలంటే మీటరు ఆంపియర్లలో, 10A సాకెట్‌లో పెట్టి నెగటివ్ వైరుకి మధ్యలో కలపాలి. ఆ స్థితిలో సెల్ఫ్ కొట్టామా, మీటరు ఫ్యూజు పోయినట్టే. బండి లాక్ చేసి అరగంట ఆగాను. 0.38 దగ్గర కదలకుండా నిలబడింది. 0.05 లోపు ఉండాల్సింది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకాను, ఒక్కదానికీ తగ్గలేదు. నెగటివ్ పూర్తిగా తీసేసి, ఆల్టర్నేటర్ వెనక లావు వైరు విప్పి, చివర టేపు చుట్టి, మళ్లీ కలిపితే 0.02. అంటే రోజుకి దాదాపు తొమ్మిది ఆంపియర్ అవర్లు అటే పోతున్నాయి. నా 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజులకి ఎందుకు చేతులెత్తేసిందో లెక్క సరిపోయింది.

మేస్త్రి ఆల్టర్నేటర్ దించి, స్టేటర్ తీగల టంకం వదిలించి, డయోడ్ ప్లేటు విడిగా నా చేతిలో పెట్టాడు. తీగలు వదిలించకుండా చూస్తే ఒక డయోడు సంగతి ఇంకొకదానిలో కలిసిపోయి కనిపిస్తుంది. డయోడ్ మోడ్‌లో నాలుగు ఒకవైపు 0.5 చుట్టుపక్కల, రెండోవైపు OL, అంటే దారి లేదు. పాజిటివ్ వైపు ఒకటి రెండువైపులా సున్నా. నెగటివ్ వైపు ఒకటి, రెండువైపులా ఏదో ఒక అంకె చూపిస్తూ కారుతోంది. ఒకటి షార్టయి దారి తెరిస్తే, రెండోది దాన్ని నేల దాకా తీసుకెళ్లింది.

"రెండూ కలిసి వచ్చాయి బాబూ, అందుకే రాత్రికి రాత్రే తాగేసింది" అన్నాడు. ప్లేటు మార్చాక ఏసీ 0.04, లైట్లు నిలకడ. ఇప్పటికి దాదాపు నాలుగేళ్లు.

మీటరుకి లోపాలు లేకపోలేదు. స్క్రీను మూలలో ఒక గీత మాసిపోతోంది, ప్రోబ్ వైర్లు గట్టిపడ్డాయి, ఏసీకి మారాలంటే ప్రతిసారీ SEL నొక్కాలి, మర్చిపోతే డీసీ చదివి ఏసీ అనుకుంటాం. కొనమంటారా అని అడిగితే, మీ బండి రోజూ తిరిగేదైతే నేను తొందరపెట్టను. ఇలా మూడు రోజులకోసారి తీసేవాళ్లకి, కొత్త బ్యాటరీ బిల్లు పర్సులో ఇంకా మడతపడి ఉన్నవాళ్లకి మాత్రం పన్నెండొందలు ఎక్కువనిపించదు. ఆ నాలుగేళ్ల పాత బ్యాటరీ నిజంగా పోయిందో లేదో మాత్రం నాకు తేలనేలేదు. షాపులో మార్పిడికి ఇచ్చేశాను.