సిజేరియన్ బెల్టు, మాత్రలు, కుట్ల సంరక్షణ: రెండు వారాలు దాటాక ఏది పనికొస్తుంది

బెల్టుతో మొదలుపెడతాను, అందరూ అడిగేది దాని గురించే కాబట్టి. దగ్గినప్పుడు, మంచం దిగినప్పుడు, నాలుగడుగులు వేసినప్పుడు పొట్టకు ఆసరాగా ఉంటుంది. ఆ మేరకు పెట్టిన డబ్బుకు న్యాయం. పొట్ట తగ్గిస్తుందన్న ప్రకటన మాత్రం నమ్మొద్దు.

ఇబ్బంది ఎక్కువగా కూర్చున్నప్పుడు వస్తుంది. పాలివ్వడానికి ముందుకు వంగగానే బెల్టు కింది అంచు మడతపడి పైకి జరుగుతుంది, సరిగ్గా కుట్టు మీదే ఒరుసుకుంటుంది. అంచు కుట్టుకు రెండు వేళ్ల కిందకు వచ్చే వెడల్పు తీసుకోండి, లోపల పల్చటి నూలు బట్ట వేసుకోండి, కూర్చోగానే వెల్‌క్రో వదులు చేయండి. నిండా ఊపిరి తీసుకోలేకపోతున్నా, కింద బరువుగా జారుతున్నట్టున్నా, దగ్గితే మూత్రం పడుతున్నా బిగుతు ఎక్కువైందని అర్థం. రాత్రి తీసేయాలి. అమ్మమ్మలు కట్టే నడికట్టుకూ ఇవే నియమాలు.

బెల్టుతో అసలు ప్రమాదం వేరే. నొప్పి తెలియకపోవడంతో బరువెత్తే ధైర్యం వస్తుంది. రెండు వారాలకు పైచర్మం అతుక్కుంటుంది గానీ, దాని కింద పొట్టగోడలోని గట్టి పొరకు అప్పటికి పాత బలంలో కొంతే తిరిగొస్తుంది. ఆరు వారాల వరకు బిడ్డ బరువును మించింది ఎత్తొద్దనేది అందుకే. నిండు బకెట్ అంటే 15 కిలోల పైమాటే. అమెరికాలో ఉన్నవాళ్లు కార్ సీటుతో పొరపడతారు: సీటు, అందులో బిడ్డ కలిపితే ఏడెనిమిది కిలోలు. బిడ్డను విడిగా ఎత్తుకుని, సీటు ఇంకొకరికి ఇవ్వండి. రెండేళ్ల పెద్దపిల్ల ఎత్తుకోమని ఏడిస్తే కూర్చుని పక్కకు తీసుకోవడమే మార్గం. పడుకుని లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్లు కిందకు దించి, చేత్తో నెట్టుకుంటూ లేస్తే కుట్టు మీద లాగుడు తగ్గుతుంది.

నొప్పికి పారాసెటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగుకు మించకుండా. చాలకపోతే డాక్టరు అనుమతితో తిన్న తర్వాత ఐబుప్రోఫెన్ 400, ఎనిమిది గంటలకొకటి. రెండూ పాలిచ్చేవాళ్లు వాడదగ్గవే. అల్సర్, కిడ్నీ సమస్య, కాన్పులో బాగా పెరిగిన బీపీ, నొప్పి మాత్రలు పడని ఆస్తమా ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పి అడక్కుండా ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. మన మందుల షాపుల్లో ఒక చిక్కుంది: అసెక్లోఫెనాక్ మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది, జలుబు మాత్రల్లోనూ అంతే. దాని మీద 650 కూడా వేసుకుంటే లెక్క తప్పుతుంది. పైగా అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఒకే కోవవి, కలపకూడదు. పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్టు దగ్గరే నొప్పి. ఆ నొప్పికి మాత్ర కంటే నీళ్లే మందు.

శుభ్రతకు పెద్ద సామగ్రి అక్కర్లేదు. స్నానంలో మామూలు సబ్బు నురగ, నీళ్లు కుట్టు మీదుగా జారనివ్వాలి, రుద్దకూడదు. బాలింత స్నానంలో చెంబుతో బాగా వేడి నీళ్లు బలంగా కొట్టడం కుట్టు మీద వద్దు. తర్వాత పొడి నూలు బట్టతో అద్దాలి. పొట్ట కుట్టు మీదకు వాలేవాళ్లు ఆ మడత ఎత్తి ఆరనివ్వాలి. చెమట నిలిచేది, చెడేది అక్కడే. పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ వద్దు. పసుపు రంగులో ఎరుపు కూడా దాగిపోతుంది.

కుట్టు చుట్టూ తిమ్మిరి, దురద, ఒకవైపు గట్టిగా తగలడం మామూలే. మామూలు కానిది ఎలా తెలుస్తుందో ఒక ఉదాహరణ. పద్నాలుగో రోజు సాయంత్రం ఎడమ కొస ఎర్రగా, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీయండి, ఫోటో తీయండి. తర్వాతి మాత్ర వేసుకోబోయే ముందు జ్వరం చూడండి, ఎందుకంటే పారాసెటమాల్ వేశాక జ్వరం దాగిపోతుంది. థర్మామీటర్ 100.4 ఫారెన్‌హీట్ లేదా పైన చూపినా, ఎరుపు ఆ పెన్ను గీతను దాటినా, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లాలి. చీము, దుర్వాసన, కుట్టు విచ్చుకోవడం ఉంటే గీతలతో పనిలేదు, వెంటనే బయల్దేరండి. పలచటి గడ్డి రంగు ద్రవం కారితే చాలాసార్లు లోపల చేరిన నీరే కావచ్చు, అయినా చూపించాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకోవద్దు.

కుట్టు బాగున్నా, చలిజ్వరంతో పొత్తికడుపు నొప్పి, కింది స్రావం కంపు ఉంటే ఇన్ఫెక్షన్ గర్భసంచిలో ఉండొచ్చు. ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అప్పుడు నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.