బ్యాచ్ కోడ్ చూసి కాస్మెటిక్స్ కొనడం: వాడి చూశాక నా మాట

పెళ్లి మేకప్‌లు చేస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను కాబట్టి కోఠి, బేగంబజార్ దగ్గరే, అయినా నా కిట్‌లో సగానికి పైగా సామాను ఆన్‌లైన్‌లోనే వస్తుంది. ముహూర్తాల సీజన్‌లో షాపుల చుట్టూ తిరిగే తీరిక ఉండదు. పక్కవాళ్ల మొహం మీద వేసే వస్తువు కాబట్టి వచ్చిన ప్రతి పెట్టెనీ తిరగేసి చూడటం అలవాటైంది. బ్యాచ్ కోడ్ టైప్ చేస్తే తయారీ తేదీ చెప్పే సైట్లను కొన్నేళ్లుగా వాడుతున్నాను. అవి నకిలీని పట్టిస్తాయని చాలామంది నమ్ముతారు. నా అనుభవంలో ఆ సైటు ఒక్కటే చూస్తే పట్టించదు. కోడ్‌ని పెట్టె మీది స్టిక్కర్‌తో, బిల్లుతో కలిపి చదివితే మాత్రం చాలాసార్లు దొరికిపోతుంది.

అసలు ఆ సైటు చేసే పని చిన్నది. ఒక్కో కంపెనీ తన కోడ్‌ని ఒక్కో పద్ధతిలో రాస్తుంది, సైటు దాన్ని విప్పి తేదీగా చూపిస్తుంది. ఎస్టీ లాడర్ గ్రూపునే తీసుకోండి. మ్యాక్, క్లినిక్ లాంటివి ఆ గ్రూపువే. వాళ్ల కోడ్‌లో సాధారణంగా మూడే గుర్తులుంటాయి. మొదటిది తయారైన చోటు, రెండోది నెల, మూడోది సంవత్సరంలో చివరి అంకె. నెలలు 1 నుంచి 9 దాకా అంకెలే, అక్టోబర్‌కి A, నవంబర్‌కి B, డిసెంబర్‌కి C. ఈ లెక్కన A83 అంటే 2023 ఆగస్టు. 2013 ఆగస్టు కూడా కావచ్చు, ఎందుకంటే చివరి అంకె పదేళ్లకోసారి తిరిగొస్తుంది. సైటు దగ్గరి సంవత్సరాన్ని ఎంచుకుని చూపిస్తుందంతే.

ఒకసారి కావాలనే నోటికొచ్చిన మూడు గుర్తులు కొట్టి చూశాను. దానికీ తేదీ వచ్చింది, ఇన్ని నెలల పాతదని కూడా చెప్పింది. అలాంటి బ్యాచ్ నిజంగా తయారైందా లేదా అన్నది సైటుకి తెలియదు, కోడ్ ఆకారం సరిపోతే దానికి చాలు. నకిలీ తయారుచేసేవాడు అసలు పెట్టె మీది కోడ్‌నే దించుకుంటాడు కాబట్టి సైటు దగ్గర అది సాఫీగా పాస్ అయిపోతుంది. ఇంకోవైపు, నేను బ్రాండ్ కౌంటర్‌లోనే కొన్న ఒక క్రీమ్ కోడ్‌ని సైటు గుర్తుపట్టలేదు. కోడ్ పద్ధతి మారితే అలా జరుగుతుంది. అందుకే సైటు అవునన్నా కాదన్నా ఆ ఒక్క జవాబుతో తీర్పు చెప్పకూడదు.

ఈ మధ్య మా పిన్ని కూతురు కూకట్‌పల్లి నుంచి ఒక లిప్‌స్టిక్ పట్టుకొచ్చింది. ఆ గ్రూపు బ్రాండే, ఎమ్మార్పీ 2,200, ఒక మార్కెట్‌ప్లేస్‌లో 1,499కి వచ్చింది. "అక్కా, కోడ్ కొడితే తేదీ కరెక్ట్‌గా వస్తోంది, కానీ రంగు గంటకే పోతోంది" అంది. రంగు నిలవకపోవడం నాకు పెద్ద సాక్ష్యం కాదు. పెదవులు పొడిగా ఉన్నా, కింద నూనె ఎక్కువ రాసినా పోతుంది. వాసన, బరువు, అక్షరాల మెరుపు చూసి తేల్చేస్తామనే వీడియోలను కూడా నేను అంతగా నమ్మను. బ్రాండే ప్యాకింగ్ మారుస్తుంటుంది, పైగా పక్కన పెట్టి పోల్చడానికి అసలుది చేతిలో ఉండాలి కదా.

ట్యూబు అడుగున A83 అని ఉంది. పెట్టె మీద చూస్తే B14. అంటే లోపలి వస్తువు 2023 ఆగస్టుది, పెట్టె 2024 జనవరిది. ట్యూబు మీదా పెట్టె మీదా కోడ్ ఒకటే ఉండాలి. మా పిన్ని కూతురు ట్యూబు కోడ్ ఒక్కటే చూసి ఊరుకుంది. ఆ తర్వాత పెట్టె వెనక అంటించిన తెల్ల స్టిక్కర్ చదివాం. అక్కడ తయారీ నెల 05/2024 అని ఉంది. ఒక్క లిప్‌స్టిక్‌కి మూడు పుట్టినరోజులు!

ఈ స్టిక్కర్‌ని చాలామంది ఎమ్మార్పీ కోసమే చూస్తారు. నా లెక్కలో పెట్టె మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది అదే. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం విదేశీ కాస్మెటిక్‌ని ఇక్కడ అమ్మాలంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర దిగుమతి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ నంబరు, అది ఎవరి పేరున ఉందో వాళ్ల పేరు, చిరునామా లేబుల్ మీద ఉండాలి. మన దేశంలో తయారైనదైతే దిగుమతి నంబరు బదులు తయారీ లైసెన్స్ నంబరు ఉంటుంది. బ్యాచ్ నంబరు, తేదీలు మామూలు అక్షరాల్లోనే ఉంటాయి కాబట్టి వాటికి సైటుతో పనిలేదు. ఈ లిప్‌స్టిక్ స్టిక్కర్ మీద దిగుమతిదారు పేరు ఉంది గానీ రిజిస్ట్రేషన్ నంబరు లేదు.

ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. అసలు స్టిక్కరే లేని పెట్టె వస్తే అది నకిలీయే అనుకోనక్కర్లేదు. దుబాయ్‌లోనో ఇంకెక్కడో కొన్న అసలు సరుకుని ఇక్కడ అమ్మేవాళ్లున్నారు. అలా అమ్మడం చట్టానికి ఒప్పదు, రేపు చర్మానికి ఏదైనా అయితే అడగడానికి ఇక్కడ ఎవరూ ఉండరు, కానీ లోపలిది అసలుదే కావచ్చు. బ్యాచ్ కోడ్ గీకేసిన సీసా కూడా చాలాసార్లు ఈ కోవదే. ఏ డీలర్ దగ్గర్నుంచి బయటికొచ్చిందో కంపెనీ ఆరా తీయకుండా గీకేస్తారు. నేను ఆ రెండూ కిట్‌లోకి రానివ్వను. ఈ లిప్‌స్టిక్ సంగతి వేరు. స్టిక్కర్ ఉండి, దానిమీది తేదీ కోడ్‌తో సరిపోకపోవడం స్టిక్కర్ లేకపోవడం కంటే అనుమానించాల్సిన విషయం.

సీల్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పెట్టెకి బయట చుట్టే పల్చటి ప్లాస్టిక్‌ని ఎవరైనా కొని వేడిగాలితో బిగించుకోవచ్చు. కొన్ని బ్రాండ్లు లిప్‌స్టిక్‌కి అసలు ఆ పొరే వేయవు, అలాంటప్పుడు అది ఉండటమే తేడా. ట్యూబు మూతి మీద అల్యూమినియం రేకు, సీసా మూత కింద అతికిన రేకు కొంచెం నయం. అవి చిరిగితే లోపలిది ఎవరో తెరిచారని తెలుస్తుంది. మొదటి నుంచీ నకిలీగా తయారైన దానికి ఆ రేకు కూడా కొత్తగానే ఉంటుంది.

ధర కూడా ఈసారి కాపాడలేదు. 2,200ది 1,499 అంటే 32 శాతం తగ్గింపు, పండగ సేల్‌లో బ్రాండ్లే దాదాపు అంత ఇస్తుంటాయి. వందల్లో అమ్మితే అనుమానం వస్తుందని నకిలీవాళ్లకీ తెలుసు. నేను చూసేది తగ్గింపు ఎంత అని కాదు, ఎన్నాళ్లుగా ఉంది అని. బ్రాండ్ సొంత సైట్‌లో సేల్ అయిపోయాక కూడా ఒక సెల్లర్ దగ్గర అదే ధర నెలల తరబడి నిలబడి ఉంటే, సరుకు అతనికి ఎంతకి వస్తోందో ఆలోచించాలి.

అసలు గుట్టు బిల్లులో బయటపడింది. బిల్లుని ఎవరూ తెరవరు, మెయిల్‌లో అలా పడి ఉంటుంది. 1,499లో పన్ను 44 రూపాయల దాకా చూపించారు. అంటే 3 శాతం. లిప్‌స్టిక్ మీద జీఎస్టీ 18 శాతం, పన్ను కలిసిన ఆ ధరలో పన్నే 229 రూపాయల దాకా ఉండాలి. వస్తువు కోడ్ దగ్గర 7117 అని ఉంది. అది గిల్టు నగలది. మేకప్ సామాను 3304 కిందికి వస్తుంది. ఇక బిల్లు మీది జీఎస్టీ నంబరు తీసుకుని gst.gov.inలో Search Taxpayer దగ్గర కొట్టాం. వ్యాపారం పేరు, రిజిస్టర్ అయిన తేదీ, చిరునామా వచ్చాయి. ఏయే వస్తువుల వ్యాపారం అన్న చోట నగలు, బట్టలు ఉన్నాయి, కాస్మెటిక్స్ లేవు. రిజిస్ట్రేషన్ కూడా కొద్ది నెలల కిందటిదే.

నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మన తెలంగాణకి 36. ఈ బిల్లులో 07 ఉంది, అంటే ఢిల్లీ. దాన్ని మాత్రం నేను తప్పు కింద లెక్కేయలేదు. సరుకు ఏ రాష్ట్రంలోని గోడౌన్ నుంచి బయల్దేరితే ఆ రాష్ట్రం నంబరు బిల్లు మీద ఉండటం మామూలే.

"మరి నాలుగున్నర స్టార్లు ఉన్నాయి కదక్కా, అన్ని రివ్యూలు!" అని అడిగింది. ఆ స్టార్లు చాలాచోట్ల లిస్టింగ్‌వి, సెల్లర్‌వి కావు. ఒకే లిస్టింగ్ కింద నలుగురైదుగురు అమ్ముతుంటారు, నిన్న చూసినప్పుడు ఒకరు, ఈరోజు కొనేటప్పుడు ఇంకొకరు ఉండొచ్చు. నేను డబ్బు కట్టే పేజీలో సెల్లర్ పేరు మరోసారి చూస్తాను. ఆ పేరు నొక్కితే అతని సొంత రేటింగ్, చిరునామా వస్తాయి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆ వివరాలు చూపించాల్సిందే. రివ్యూల్లో నాకు పనికొచ్చేవి జనం పెట్టే ఫొటోలు. ఈ లిప్‌స్టిక్ కింద ఏడాది తేడాతో పెట్టిన ఫొటోల్లో, వేర్వేరు షేడ్‌ల అడుగున కూడా అదే A83 కనిపించింది. ఈ కోడ్ నెలని మాత్రమే చెప్తుంది కాబట్టి రెండు షేడ్‌లకి ఒకే కోడ్ రావచ్చు. ఏడాది పొడవునా అన్ని షేడ్‌లకీ అదే ఒక్క నెల రావడం అరుదు.

బ్రాండ్ కస్టమర్ కేర్‌కి ఫొటోలు పంపితే, మా అధికారిక అమ్మకందారుల జాబితాలో ఈ సెల్లర్ లేడు, ఫొటో చూసి అసలో నకిలీయో చెప్పలేం అని జవాబొచ్చింది. ఆ మొదటి ముక్క చాలు. మార్కెట్‌ప్లేస్‌లో రిటర్న్ కారణం దగ్గర "నచ్చలేదు" అని పెట్టకుండా నకిలీ అని పెట్టించాను. రెండు కోడ్‌లు, స్టిక్కర్, బిల్లు, నాలుగు ఫొటోలూ జతచేశాం. తెరిచిన లిప్‌స్టిక్ తీసుకోం అని మొదట తిప్పికొట్టారు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాక దారికొచ్చారు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని రూల్ ఉంది. అక్కడా తేలకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేయొచ్చు. డబ్బు గొడవ తేలినా తేలకపోయినా, నకిలీ సరుకు గురించి తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ 1800-599-6969కి చెప్పొచ్చు.

డబ్బు వెనక్కొచ్చింది. నేనైతే బ్యాచ్ సైట్‌ని ఇప్పటికీ వాడుతున్నాను, కానీ నకిలీ కోసం కాదు, క్లియరెన్స్ సేల్‌లో వచ్చే పాత సరుకు కోసం. స్టిక్కర్ మీద తేదీ కొత్తగా ఉండి, కోడ్ విప్పితే వస్తువు రెండేళ్లు ముందుదని తేలితే దాన్ని పెళ్లికూతురి మొహం దాకా తీసుకెళ్లను. ఆ సెల్లర్ పేరు ఇప్పుడు ఆ పేజీలో లేదు. లిస్టింగ్, దాని నాలుగున్నర స్టార్లు, A83 ఫొటోలు అలాగే ఉన్నాయి, కింద వేరే సెల్లర్ అమ్ముతున్నాడు.